ఫ్లూ, కోవిడ్, ఎలర్జీ జలుబు: దక్షిణ తెలంగాణ మెట్ట జిల్లాల్లో లక్షణ భేదాలు

నిర్వచనం, పరిధి

ఫ్లూ, కోవిడ్, ఎలర్జీ జలుబు మూడూ ముక్కు, గొంతు, శ్వాసమార్గాల్లో బయటపడే వేర్వేరు రుగ్మతలు. ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి వైరస్‌ల వల్ల ఫ్లూ వస్తుంది. సార్స్ కోవ్-2 అనే కరోనా వైరస్ వల్ల కోవిడ్ వస్తుంది. ఈ రెండూ అంటువ్యాధులు. ఎలర్జీ జలుబులో క్రిమి ఏదీ ఉండదు. పుప్పొడి, ఇంటి దుమ్ములోని సూక్ష్మకీటకాలు, బూజు సిద్ధబీజాలు, పంట నూర్పిడిలో లేచే ధూళి వంటి వాటిని శత్రువులుగా భావించి శరీర రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడమే ఆ జబ్బు. అది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

ఈ మూడింటి లక్షణాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో, జనం వాటిని ఎందుకు ఒకటిగా పొరబడతారో ఈ వ్యాసం పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో వివరిస్తుంది. 2016 అక్టోబరు నాటి పునర్వ్యవస్థీకరణ, ఆ తర్వాతి మార్పులతో ఆ రెండు జిల్లాలు ప్రధానంగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలుగా విడిపోయాయి. వాడుకలో మూడు జబ్బులకూ మొదట పడే పేరు ఒకటే, సర్ది. జ్వరం తోడైతే వైరల్ ఫీవర్ అంటారు, నెలల తరబడి సాగితే సైనస్ అనో ఈస్నోఫీలియా అనో అంటారు.

చరిత్ర

పుప్పొడి కాలంలో వచ్చే జలుబును 1819లో జాన్ బోస్టాక్ అనే ఆంగ్ల వైద్యుడు తన సొంత బాధనే పరిశీలించి వర్ణించాడు. దానికి కారణమైన ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని 1960ల్లో గాని గుర్తించలేదు. మనుషుల్లో ఫ్లూ కలిగించే వైరస్‌ను 1933లో లండన్‌లో వేరుచేశారు. కోవిడ్ వైరస్ 2019 చివర చైనాలోని ఊహాన్‌లో బయటపడింది.

తెలంగాణ అనుభవంలో ఫ్లూ ఒక ప్రత్యేక వ్యాధిగా జనం నోట పడింది 2009లో. కొత్త హెచ్1ఎన్1 రకం దేశంలో తొలిసారిగా నిర్ధారణ అయింది ఆ ఏడాది మే నెలలో, విదేశం నుంచి హైదరాబాద్‌లో దిగిన ప్రయాణికుడిలో. అప్పటి నుంచి ఆ రకానికి స్వైన్ ఫ్లూ అన్న పేరు స్థిరపడింది. 2015 ఆరంభంలో అది మళ్లీ విజృంభించినప్పుడు దేశవ్యాప్తంగా 42 వేలకు పైగా కేసులు, సుమారు 3 వేల మరణాలు నమోదయ్యాయి. ఆ జనవరిలో గట్టిగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి.

కోవిడ్ తొలి కేసు రాష్ట్రంలో 2020 మార్చి 2న నమోదైంది. దక్షిణ జిల్లాలను తీవ్రంగా తాకింది 2021 ఏప్రిల్, మే నెలల రెండో ఉద్ధృతి. నాగార్జునసాగర్ ఉప ఎన్నిక పోలింగ్ ఏప్రిల్ 17న జరిగింది. అంతకు మూడు రోజుల ముందు హాలియాలో పెద్ద బహిరంగ సభ నిర్వహించారు. పోలింగ్ అయిన రెండు రోజులకు ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుకే కోవిడ్ నిర్ధారణ అయింది. అవి యాసంగి వరి కోతలు సాగే వారాలు కూడా. దగ్గుకు, తుమ్ముకు దుమ్మునో వైరస్‌నో తప్పుపట్టగలిగే పరిస్థితి ప్రతి ఊళ్లోనూ ఉండే కాలమది.

ముక్కులో, ఒంట్లో జరిగేది

మూడు జబ్బులూ ఒకేలా మొదలైనట్టు కనిపించడానికి ముక్కు నిర్మాణమే మొదటి కారణం. లోపలి పొర స్పందించే తీరులు చాలా తక్కువ. నీరు కారుస్తుంది, వాస్తుంది, తుమ్ము పుట్టిస్తుంది. వైరస్ తగిలినా, వయ్యారిభామ పుప్పొడి తగిలినా అది చేసేది ఈ మూడు పనులే. అందువల్ల ముక్కు లక్షణాల్ని మాత్రమే అడిగి తెలుసుకుంటే జబ్బు తేలదు. ఒంటి మిగతా భాగాలు ఏం చెబుతున్నాయో, బాధ ఏ వరుసలో వచ్చిందో అడగాలి.

ఎలర్జీలో పనిచేసేవి మాస్ట్ కణాలు. ఆ మనిషికి పడని పదార్థం ముక్కుపొరను తాకగానే, అప్పటికే ఆ కణాలకు అతుక్కుని ఉన్న ఐజీఈ దాన్ని పట్టుకుంటుంది. కణాలు పగిలినట్టుగా హిస్టమిన్‌ను వదులుతాయి. హిస్టమిన్ నరాలను తాకితే దురద, తుమ్ము పుడతాయి. రక్తనాళాలను తాకితే వాపు, నీరు వస్తాయి. ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. కొందరిలో మరికొన్ని గంటలకు ఇతర రక్షణ కణాలు వచ్చి చేరి, రెండో దశగా ముక్కు దిబ్బడ మొదలవుతుంది. పగలు పొలంలో తుమ్మిన మనిషికి రాత్రి మంచం మీద ముక్కు మూసుకుపోవడం ఆ రెండో దశ వల్లనే.

ఫ్లూలో వైరస్ శ్వాసమార్గపు కణాల్లో చేరి వేగంగా పెరుగుతుంది. సాధారణంగా అది రక్తంలోనో కండరాల్లోనో కాపురం ఉండదు. అయినా ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పి పుట్టడానికి కారణం ఇంటర్‌ఫెరాన్లు, సైటోకైన్లు అనే రక్షణ సంకేతాలు ఒక్కసారిగా పెద్ద మోతాదులో విడుదల కావడం. వైరస్ ఒంట్లో చేరాక సగటున రెండు రోజుల్లోనే ఇది జరగడం వల్ల ఫ్లూ మొదలైన పూట రోగికి స్పష్టంగా గుర్తుంటుంది.

కోవిడ్ వైరస్ ఏసీఈ-2 అనే గ్రాహకాన్ని పట్టుకుని కణంలోకి దూరుతుంది. వాసన పసిగట్టే నరకణాలకు అండగా ఉండే పోషక కణాలపై ఈ గ్రాహకం ఉంటుంది. అవి దెబ్బతినడం వల్లనే ముక్కు తెరిచి ఉన్నా వాసన పోతుంది. ఆపైన వైరస్ కిందికి, ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడ జరిగే నష్టంలో వైరస్ పాత్ర కన్నా రెండో వారంలో రేగే శరీర ప్రతిస్పందన పాత్ర పెద్దది కావచ్చు. కోవిడ్ ఆలస్యంగా ముదరడానికి మూలం ఇక్కడుంది.

లక్షణ భేదాలు

*ఆరంభం.* ఎలర్జీ నిమిషాల్లో మొదలవుతుంది, కారణం దూరమైతే గంటల్లో తగ్గుముఖం పడుతుంది. ఫ్లూ పూటలో ముంచుకొస్తుంది. కోవిడ్ సాధారణంగా గొంతు గరగరతో మొదలై ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెరుగుతుంది. వైరస్ సోకాక లక్షణాలు కనబడడానికి 2020లో ఐదారు రోజులు పట్టేది, ఒమిక్రాన్ రకాలు వచ్చాక సుమారు మూడు రోజులకు తగ్గింది. అంటే ఫ్లూకూ కోవిడ్‌కూ ఈ విషయంలో ఉన్న దూరం బాగా చెరిగిపోయింది.

*జ్వరం.* ఎలర్జీ జలుబులో జ్వరం ఉండదు. మూడింటి మధ్య గీతల్లో అన్నింటికన్నా గట్టిది ఇదే. ఫ్లూలో 101 నుంచి 103 డిగ్రీల దాకా రావడం సాధారణం. భారత వైద్య పరిశోధన మండలి 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూతో ఆసుపత్రుల్లో చేరినవారి వివరాలు ప్రకటించినప్పుడు వారిలో 92 శాతం మందికి జ్వరం, 86 శాతం మందికి దగ్గు ఉన్నాయి. అయితే అది ఆసుపత్రిలో చేరినవారి లెక్క. ఇంట్లోనే తగ్గిపోయిన వారిలో, ముఖ్యంగా వృద్ధుల్లో, జ్వరం పైకి తేలకపోవచ్చు. కోవిడ్‌లో జ్వరం ఎక్కువో తక్కువో ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. కాబట్టి జ్వరం ఉంటే అది ఎలర్జీ ఒక్కటే కాదని చెప్పవచ్చు గాని, జ్వరం లేనంత మాత్రాన ఎలర్జీ అని తేల్చలేం. జ్వరం చూసే ముందు చివరి పారాసిటమాల్ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడగడం తప్పనిసరి. మాత్ర పనిచేస్తున్న నాలుగైదు గంటల్లో థర్మామీటర్ చెప్పేది రోగం సంగతి కాదు.

*దురద.* జ్వరం ఎలర్జీని తోసిపుచ్చితే, దురద దాన్ని చూపిస్తుంది. కళ్లు, ముక్కు లోపల, అంగిలి, చెవి లోతు దురదపెట్టడం హిస్టమిన్ పని. వైరస్ జబ్బుల్లో కళ్లు మండవచ్చు, ఎర్రబడవచ్చు, కాని రుద్దకుండా ఉండలేనంత దురద అరుదు. ఏళ్లుగా ఎలర్జీ ఉన్న పిల్లలు అరచేత్తో ముక్కును పైకి రుద్దుకుంటూ ఉంటారు. అలా రుద్ది రుద్ది ముక్కుమీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. కళ్ల కింద నల్లటి నీడలు కూడా కనిపిస్తాయి. ఒక్క వారపు జబ్బు ఈ గుర్తుల్ని మిగల్చదు.

*వాసన.* ముక్కు పూర్తిగా మూసుకుపోతే మూడింటిలోనూ వాసన తగ్గుతుంది. గాలి ధారాళంగా ఆడుతూ, పోపు వాసన గాని సబ్బు వాసన గాని అసలే తెలియకపోతే అది కోవిడ్ వైపు చూపే గుర్తు. డెల్టా రకం దాకా ఇది చాలా నమ్మదగ్గ సూచన, ఒమిక్రాన్ తర్వాత బాగా తగ్గింది. ఇంట్లో వాసన పరీక్షించుకునేటప్పుడు చాలామంది కర్పూరమో, జలుబుకు రాసుకునే మందో ముక్కు దగ్గర పెట్టుకుంటారు. వాటి ఘాటు వాసన నరం ద్వారానే కాక, ముఖానికి స్పర్శనిచ్చే వేరే నరం ద్వారా కూడా తెలుస్తుంది. వాసన పూర్తిగా పోయినవారికి కూడా కర్పూరం చల్లదనం, మిరపకాయ కోర తెలుస్తూనే ఉంటాయి. కాఫీ పొడితోనో సబ్బుతోనో చూసుకోవడం సరైన పద్ధతి.

*కాలగమనం.* ఫ్లూ మూడు నాలుగు రోజుల్లో శిఖరానికి చేరి దిగిపోతుంది, దగ్గు, నీరసం రెండు మూడు వారాలు మిగలవచ్చు. తగ్గిన జ్వరం మళ్లీ ఎగబాకితే బాక్టీరియా న్యుమోనియా తోడైందని అనుమానించాలి. కోవిడ్ ముదిరేవారిలో ఆయాసం సాధారణంగా అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య మొదలవుతుంది, అదీ మొదటి వారం తేలిగ్గా గడిచిపోయాక. ఎలర్జీకి అలాంటి మొదలు, నడుమ, చివర ఉండవు. పడని పదార్థం ఉన్నంతకాలం ఉంటుంది. వారంలో నాలుగు రోజులకు తక్కువగా గాని, వరుసగా నాలుగు వారాలకు తక్కువగా గాని ఉంటే దాన్ని వచ్చిపోయే రకమనీ, ఆ రెండు హద్దులూ దాటితే నిలిచి ఉండే రకమనీ వైద్యులు వర్గీకరిస్తారు.

ఋతువులు, పంటలు, పుప్పొడి

భారతదేశంలో ఫ్లూ రెండు సార్లు పెరుగుతుంది. ఒకటి జనవరి నుంచి మార్చి దాకా, రెండోది వానాకాలంలో. వానాకాలంలో ఇదే ప్రాంతంలో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా ఉంటాయి. ఎక్కువ జ్వరం, ఒళ్లునొప్పులు ఉండి ముక్కు కారడం, దగ్గు లేకపోతే వైద్యులు ఫ్లూ కన్నా ముందు డెంగీని తలుస్తారు. కోవిడ్‌కు స్థిరమైన ఋతువు ఇంకా ఏర్పడలేదు.

ఎలర్జీ క్యాలెండర్ ఈ నేల మీది మొక్కల్ని బట్టి నడుస్తుంది. వానలు పడగానే బీళ్లలో, దారుల వెంట మొలిచే వయ్యారిభామ కొద్దిపాటి తేమ ఉన్నా పూస్తూనే ఉంటుంది. దాని పుప్పొడి జలుబుకూ, ఆకు తగిలితే చర్మపు దద్దురుకూ కారణమవుతుంది. చెరువుగట్ల మీద, బంజర్లలో విస్తరించిన సర్కారు తుమ్మ పుప్పొడి దేశంలో బాగా అధ్యయనం జరిగిన ఎలర్జీ కారకాల్లో ఒకటి. ఈ రెండు జిల్లాలకు ప్రత్యేకమైనది ఆముదం. పాలమూరు, నల్లగొండ చెల్కలు చాలాకాలం ఆముదపు పంటకు పేరుపొందాయి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆముదంపై పనిచేస్తుంది. ఆముదపు పుప్పొడి గాలిలో ఎగిరే రకం. గింజ ధూళి అంతకన్నా తీక్షణమైనది, నూనె మిల్లుల దగ్గర పనిచేసేవారిలో, ఆ చుట్టుపక్కల నివసించేవారిలో జలుబును, ఉబ్బసాన్ని కలిగించిన ఉదాహరణలు ప్రపంచంలో అనేక చోట్ల నమోదయ్యాయి.

ఆముదం స్థానాన్ని క్రమంగా ఆక్రమించిన పత్తి విషయంలో ఒక అపోహ ఉంది. చేను పూసినప్పుడు తుమ్ములొస్తే పత్తి పువ్వుదే తప్పు అనుకుంటారు. పత్తి పుప్పొడి బరువైనది, జిగటైనది, ఎక్కువగా పురుగుల ద్వారా చేరేది, గాలిలో అంతగా ఎగరదు. పత్తి తీతలోనూ జిన్నింగ్ మిల్లులోనూ లేచే నూగు, ఎండిన ఆకుల పొడి వేరే సంగతి. మిల్లు ధూళి వల్ల ఏళ్ల తర్వాత ఛాతీ పట్టేసే వృత్తిరోగం కూడా ఉంది, దాన్ని ఎలర్జీ జలుబుతో కలపకూడదు.

వరి కోతలు వానాకాలం పంటకు అక్టోబరు, నవంబరు నెలల్లో, యాసంగికి ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి. కోత యంత్రం వెనక, ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తూర్పారపట్టే యంత్రం దగ్గర, మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్‌మిల్లుల్లో లేచే ధూళిలో గడ్డి పొట్టుతో పాటు బూజు సిద్ధబీజాలు ఉంటాయి. ఇంటి లోపల పరుపుల్లో, బొంతల్లో పెరిగే దుమ్ము కీటకాలకు తేమ కావాలి, అందుకే అవి వానల నుంచి చలికాలం దాకా హెచ్చుతాయి. ఇలా చూస్తే వానలు మొదలైన దగ్గర్నుంచి మార్చి దాకా ఫ్లూ కాలమూ ఎలర్జీ కాలమూ చాలా భాగం ఒకదానిపై ఒకటి పడతాయి.

పొరబాటుకు కారణాలు: జ్వర సర్వే అనుభవం

2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే చేపట్టింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పంచాయతీ సిబ్బంది ప్రతి గడపకూ వెళ్లి జ్వరం, దగ్గు, జలుబు ఉన్నవారెవరని అడిగారు, ఉన్నవారికి అక్కడికక్కడే మందుల కిట్టు ఇచ్చారు. పరీక్ష ఫలితం కోసం ఆగలేదు. ఒమిక్రాన్ సమయంలో, 2022 జనవరి 21 నుంచి, సర్వేను మళ్లీ నిర్వహించారు.

ఆ పద్ధతికి ప్రజారోగ్య పరంగా గట్టి కారణం ఉంది. పరీక్ష కేంద్రానికి ఇరవై ముప్పై కిలోమీటర్లు వెళ్లాల్సిన తండాల్లో, వైరస్ ఊరంతా పాకిన వారాల్లో, లక్షణాలున్న ప్రతి ఒక్కరినీ కోవిడ్‌గా భావించడం సురక్షితం. 2021 మేలో జ్వరం, దగ్గు కలిసి ఉన్న మనిషికి కోవిడ్ ఉండే అవకాశం నిజంగానే ఎక్కువ. 2022 జనవరి పరిస్థితి వేరు. ఒమిక్రాన్ ప్రధానంగా ముక్కు, గొంతులోనే ఉండి తుమ్ములు, ముక్కు కారడం, గొంతు నొప్పితో వచ్చింది. చలికాలపు ఫ్లూ, దుమ్ము కీటకాల ఎలర్జీ అదే నెలలో ఉన్నాయి. ఒకే ప్రశ్నకు మూడు జబ్బులవాళ్లూ ఔననే సమాధానం చెప్పే పరిస్థితి అది. కిట్టులోని మందుల్లో లెవోసెటిరిజిన్ కూడా ఒకటి. అది ఎలర్జీ మందు. వేసుకున్నాక తుమ్ములు ఆగిన మనిషి తనకు కోవిడ్ వచ్చి తగ్గిందని అనుకునే వీలుంది. తనకున్నది ఎలర్జీ అని ముందే తేల్చుకున్న మనిషి, అదే మాత్ర వేసుకుని నాలుగో రోజుకు సహజంగా తగ్గిన వైరస్ జలుబును కూడా ఎలర్జీ ఖాతాలో రాసుకునే వీలూ ఉంది. మందుకు తగ్గడాన్ని బట్టి జబ్బును నిర్ణయించడం ఇక్కడ పనికిరాదు.

సర్వే లోపం అడిగినవారిది కాదు, ఒక్కసారి అడగడంలో ఉంది. గడప దగ్గర ఒక పూట కనిపించే లక్షణాలతో ఈ మూడు జబ్బులు విడిపోవు. ఎలా మొదలైంది, ఇంట్లో ఇంకెవరికి వచ్చింది, పోయినేడు ఇదే నెలలో వచ్చిందా అన్న మూడు ప్రశ్నలు కలిస్తేనే విడిపోతాయి.

ఫ్లూ పేరు జనానికి తెలియకపోవడానికి ఇంకో కారణం ఉంది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఫ్లూ రోగుల్ని ఎ, బి, సి అని మూడు వర్గాలుగా విభజించాయి. తేలికపాటి లక్షణాల ఎ వర్గానికీ, ఎక్కువ జ్వరం గాని మధుమేహం, గర్భం వంటి ముప్పు గాని ఉన్న బి వర్గానికీ ఫ్లూ పరీక్ష అవసరం లేదు. ఆయాసం, ఛాతీనొప్పి, మగత వంటివి ఉన్న సి వర్గానికే పరీక్ష, ఆసుపత్రి. పరిమిత వనరుల్లో ఇది సరైన నిర్ణయమే. కాని ఫలితంగా ఫ్లూ అన్న మాట కాగితం మీద ప్రమాదస్థితిలోనే కనిపిస్తుంది. ఊళ్లో తిరిగి తగ్గిపోయిన వందలాది ఫ్లూలు పేరు లేని వైరల్ ఫీవర్లుగానే మిగిలిపోతాయి.

ఉదాహరణ: కొనుగోలు కేంద్రంలో ముగ్గురు

భేదాలు ఆచరణలో ఎలా కనిపిస్తాయో చూపడానికి ఇక్కడ ఒక కల్పిత ఉదాహరణ ఇస్తున్నాం. నవంబరులో ఒక ధాన్యం కొనుగోలు కేంద్రం. తూర్పారపట్టే యంత్రం దగ్గర పనిచేసే ఇరవయ్యారేళ్ల మహిళ, నలభై ఏళ్ల హమాలీ, కుప్ప పోసి కాంటా కోసం ఎదురుచూస్తున్న యాభై ఎనిమిదేళ్ల రైతు ఒకే సాయంత్రం ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికి వచ్చారు. ముగ్గురికీ ముక్కు కారుతోంది, ముగ్గురూ అలసటగా ఉందన్నారు. హమాలీ మధ్యాహ్నమే పారాసిటమాల్ వేసుకోవడంతో అతనికి జ్వరం తగల్లేదు.

మహిళకు యంత్రం మొదలైన పది నిమిషాల్లో వరుసగా తుమ్ములు వచ్చాయి. నీళ్లలాంటి స్రావం, కళ్లు, అంగిలి దురద ఉన్నాయి. పని లేని రోజు ఏమీ లేదు. పెళ్లికి ముందు నుంచీ కోతల కాలంలో ఇదే బాధ, తల్లికి దమ్ము ఉంది. ఆమెది ఎలర్జీ అని చెప్పడానికి ఈ చరిత్రే దాదాపు సరిపోతుంది.

హమాలీ పొద్దున బస్తాలు మోశాడు. పదకొండు గంటలకు చలి పుట్టింది, కళ్ల వెనక నొప్పి, నడుము, తొడలు పీకడం మొదలైంది. మాత్ర ప్రభావం తగ్గిన రాత్రికి జ్వరం 103కు చేరింది. మూడో రోజుకు ఇంట్లో ఇద్దరు పిల్లలు పడుకున్నారు. అయిదో రోజుకు అతనికి జ్వరం దిగింది, దగ్గు రెండు వారాలు ఉంది. ఇది ఫ్లూ నడక. అయితే కోవిడ్ తిరుగుతున్న నెలలో పరీక్ష లేకుండా దీన్ని ఫ్లూ అని ఖాయం చేయలేం.

రైతుకు మధుమేహం ఉంది. రెండు రోజులుగా గొంతు గరగర, 99.5 జ్వరం, కొద్దిపాటి పొడిదగ్గు. దుమ్ము పడలేదని తనే తేల్చుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ముందెన్నడూ ఎలర్జీ లేని మనిషికి అది కొత్తగా రావడం తక్కువ అన్న ఒక్క ఆలోచన అక్కడ ఆయన్ను ఆపాలి. నాలుగో రోజు కూర రుచి తెలియలేదు. ఏడో రోజు కుప్ప దాకా నడిస్తే ఎగపోత వచ్చింది, వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 91 చూపించింది. కూర్చున్నప్పుడు ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోవడం కోవిడ్‌లో తరచుగా జరిగింది. అందుకే వైద్యులు ఆరు నిమిషాలు నడిచాక కొలవమన్నారు. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

నిర్ధారణ పరీక్షలు

కోవిడ్‌కు ముక్కు, గొంతు నమూనాతో ఆర్‌టీ-పీసీఆర్ ప్రామాణిక పరీక్ష. పావుగంట నుంచి అరగంటలో ఫలితమిచ్చే ర్యాపిడ్ యాంటీజెన్ పరీక్షల్ని రాష్ట్రంలో 2020 జూలై నుంచి విస్తృతంగా వాడారు. వాటిలో పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే జబ్బు లేదని కాదు. ముక్కులో వైరస్ తగినంత పెరగని మొదటి రోజు ఈ పరీక్ష తరచుగా తప్పుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చేయడమో, ఆర్‌టీ-పీసీఆర్‌కు పంపడమో అవసరం. ఫ్లూ ర్యాపిడ్ పరీక్షలకూ ఇదే పరిమితి ఉంది.

ఎలర్జీకి ముంజేతి చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే పరీక్ష, రక్తంలో నిర్దిష్ట ఐజీఈ పరీక్ష ఉన్నాయి. సెటిరిజిన్ వంటి మాత్రల్ని చర్మ పరీక్షకు సుమారు వారం ముందే ఆపాలి, లేకపోతే పరీక్ష తప్పు చెబుతుంది. గ్రామాల్లో తరచుగా చేయించే మొత్తం ఐజీఈ, ఈసినోఫిల్ లెక్కలు కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. ఆ అంకె ఒక్కటే చూసి ఎలర్జీ అని ముద్ర వేయడం సరికాదు.

చికిత్సలో తేడా

పేరు తారుమారైతే నష్టం చికిత్సలో కనబడుతుంది. ఫ్లూకు ఒసెల్టమివిర్ మందు మొదటి 48 గంటల్లో ఎక్కువ మేలు చేస్తుంది. ముప్పున్న మనిషి సర్ది అనుకుని నాలుగు రోజులు ఆగితే ఆ అవకాశం చాలావరకు జారిపోతుంది. ఎలర్జీకి అసలు మందు రోజూ వాడే ముక్కు స్టెరాయిడ్ స్ప్రే. అది పూర్తిగా పనిచేయడానికి రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది గనుక చాలామంది మధ్యలో మానేసి, వెంటనే ముక్కు తెరిచే చుక్కల మందుకు మారతారు. ఆ చుక్కలు వారం దాటి వాడితే మందు వల్లనే ముక్కు మూసుకుపోవడం మొదలవుతుంది. యాంటీబయాటిక్ మూడింటిలో దేన్నీ తగ్గించదు.

అన్నింటికన్నా ప్రమాదం స్టెరాయిడ్ మాత్రలతో, ఇంజెక్షన్లతో. అవి జ్వరాన్ని, నొప్పుల్ని, ముక్కు వాపును ఒకేసారి అణచివేస్తాయి గనుక ఏ జబ్బైనా తగ్గినట్టే కనిపిస్తుంది. డెక్సామెథసోన్ కోవిడ్‌లో ప్రాణాలు కాపాడిందని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగం నిరూపించింది, కాని ఆక్సిజన్ అవసరమైన రోగుల్లోనే. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనబడలేదు. 2021లో స్టెరాయిడ్లు, అదుపు తప్పిన చక్కెర కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారి తీశాయి. తెలంగాణ ప్రభుత్వం మే 20న దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది, చికిత్సకు హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని కేంద్రం చేసింది. ఒకవైపే ముక్కు దిబ్బడ, ఒకవైపు ముఖం నొప్పి లేదా తిమ్మిరి, నల్లటి స్రావం దాని తొలి గుర్తులు. వాటిని కూడా సైనస్ అనుకుని ఇంట్లోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

రెండు జబ్బులు కలిసి ఉన్నప్పుడు

ఎలర్జీ ఉన్న మనిషికి ఫ్లూ గాని కోవిడ్ గాని రాకూడదని లేదు. అలాంటివారిలో గుర్తింపు కష్టం, ఎందుకంటే వారికి ముక్కు కారడం కొత్త కాదు. అలవాటైన బాధలో వచ్చిన మార్పే వారికి సూచన. ఎప్పుడూ లేని జ్వరం, ఒళ్లునొప్పులు, దురద లేకుండా వచ్చిన గొంతు నొప్పి, రోజూ పనిచేసే మాత్రకు లొంగకపోవడం, ఇంట్లో ఇంకొకరికి రావడం, ఇవి కనిపిస్తే పరీక్ష చేయించుకోవాలి. ఫ్లూ రోగి లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, కోవిడ్ రోగి రెండు రోజుల ముందు నుంచి ఇతరులకు అంటించగలరు గనుక, నాకిది ఎప్పుడూ ఉండేదే అన్న నమ్మకంతో గడిచే మొదటి రెండు మూడు రోజుల్లోనే ఇంట్లోని ముసలివారికి సోకుతుంది. ఎలర్జీతో పాటు ఉబ్బసం కూడా ఉంటే ఏ వైరస్ జలుబైనా దమ్మును రేపవచ్చు. అప్పుడు పీల్చే మందును ఆపకూడదు, ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంటే, మాట పూర్తిచేయలేకపోతే ఆక్సిమీటర్ అంకె కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.